నంబర్ సరే, రాయి అదేనా?

వజ్రపుటుంగరం కొనడానికి షాపుకు వెళ్తే ఈ మాట తప్పకుండా వినిపిస్తుంది. "రిపోర్టు ఉందమ్మా. నంబర్ రాయి మీదే లేజర్‌తో చెక్కి ఉంది. కావాలంటే ఫోన్లో కొట్టి చూసుకోండి." మనం కొట్టి చూస్తాం. బరువు, రంగు, స్వచ్ఛత అన్నీ తెర మీదకు వస్తాయి. చేతిలో ఉన్న కాగితంతో అక్షరం పొల్లుపోకుండా సరిపోతాయి. దాంతో అనుమానం తీరిపోయి డబ్బు కట్టేస్తాం.

ఇక్కడ మనం కాగితాన్ని వెబ్‌సైటుతో పోల్చాం. రాయిని మాత్రం దేనితోనూ పోల్చలేదు. ఆ నంబర్‌తో ఒక రిపోర్టు ఉందనీ, అలాంటి వజ్రం ఒకటి ఎప్పుడో ల్యాబ్‌కు వెళ్లి వచ్చిందనీ మాత్రమే మనకు తెలిసింది. ఆ వజ్రం, ఇప్పుడు మన ముందున్న రాయి ఒకటేనని తెలియలేదు. ఒకే నంబర్ ప్లేటుతో రెండు బళ్లు తిరగడం మనకు కొత్త కాదు. ప్లేటు చూసి కాకుండా ఛాసిస్ నంబర్ చూసి అసలు బండి ఏదో తేలుస్తారు. వజ్రం విషయంలోనూ గీసిన నంబర్ కన్నా రాయి ఒంటిలో ఉన్న గుర్తులే అసలు సాక్ష్యం.

రిపోర్టు ఏం చెబుతుంది?

వజ్రాలకు గ్రేడు ఇచ్చే సంస్థల్లో అందరికీ ఎక్కువగా తెలిసినవి రెండు. ఒకటి 1931లో అమెరికాలో మొదలైన జీఐఏ. రెండోది 1975లో బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో పుట్టిన ఐజీఐ. రెండింటికీ మన దేశంలో ల్యాబ్‌లు ఉన్నాయి. ముంబయి, సూరత్‌లలో జీఐఏ ల్యాబ్‌లు పని చేస్తుంటే, ఐజీఐ ల్యాబ్ హైదరాబాద్‌లోనే ఉంది.

షాపుల్లో దీన్ని సర్టిఫికెట్ అంటారు గానీ, నిజానికి ఇది పరీక్షించిన రోజున ఆ రాయి ఎలా ఉందో రాసిపెట్టిన నివేదిక. ధర అందులో ఉండదు. కొనేవాళ్ల చూపు సాధారణంగా రంగు, స్వచ్ఛత, కటింగ్ గ్రేడుల దగ్గరే ఆగిపోతుంది. బేరమంతా వాటి మీదే కాబట్టి అది సహజమే. అయితే ఒక రాయిని గుర్తుపట్టడానికి గ్రేడులు పనికిరావు. జీ రంగు, వీఎస్2 స్వచ్ఛత ఉన్న క్యారెట్ వజ్రాలు లోకంలో లెక్కలేనన్ని ఉంటాయి. గుర్తుపట్టడానికి పనికొచ్చేవి మనం చదవకుండా దాటేసే గళ్లలో ఉంటాయి. మిల్లీమీటర్లలో కొలతలు, క్యారెట్‌లో వందో వంతు దాకా బరువు, అతినీల కాంతిలో రాయి మెరిసే తీరు, లోపలి మచ్చలు ఎక్కడున్నాయో చూపే చిత్రం, చెక్కిన అక్షరాల వివరం. ఈ అయిదూ ఒకేసారి కలిసిన రాళ్లు రెండు దొరకడం చాలా అరుదు.

రాయి బరువు పెరిగిందా?

మోసం ఎలా జరుగుతుందో చెప్పే ఒక నిజమైన కేసు 2017లో బయటపడింది. కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడ్‌లో ఉన్న జీఐఏ ల్యాబ్‌కు గుండ్రటి వజ్రం ఒకటి వచ్చింది. పాత రిపోర్టు స్థానంలో తాజా రిపోర్టు ఇమ్మన్నారు. రాయి అంచు మీద జీఐఏ నంబర్ చెక్కి ఉంది. ఆ నంబర్ దొంగది కాదు. అంతకు ముందు ఒక సహజ వజ్రానికి ల్యాబ్ ఇచ్చిన నంబరే.

రికార్డు తీసి చూస్తే ఆ సహజ వజ్రం బరువు 1.74 క్యారెట్లు. వచ్చిన రాయి 1.76 క్యారెట్లు తూగింది. రెండు సెంట్ల తేడాయే కదా అనిపిస్తుంది. కానీ వజ్రం బరువు తగ్గగలదే తప్ప పెరగలేదు. దెబ్బ తగిలి అంచు పెచ్చు లేస్తే తగ్గుతుంది. మళ్లీ పాలిష్ పట్టిస్తే తగ్గుతుంది. పెరిగే దారి మాత్రం లేదు. రంగు గ్రేడూ కలవలేదు. చెక్కిన అక్షరాల తీరు కూడా ల్యాబ్ వాడే అక్షరాలకు భిన్నంగా ఉంది. పరీక్షలు పూర్తి చేసి, అది అధిక పీడనం, అధిక ఉష్ణోగ్రతల దగ్గర యంత్రంలో పెంచిన వజ్రమని తేల్చారు.

ఈ మోసంలో కాగితం ఫోర్జరీ చేయాల్సిన అవసరమే లేదు. అమ్మకానికి పెట్టిన సహజ వజ్రాల నంబర్లు, కొలతలు అందరికీ కనిపించేలా ఇంటర్నెట్‌లో ఉంటాయి. వాటిలో ఒకదాన్ని ఎంచుకుంటారు. దాదాపు అదే సైజు, అదే గ్రేడు ఉండేలా ల్యాబ్‌లో పెంచిన రాయిని సానబట్టిస్తారు. సహజ వజ్రం ధరతో పోలిస్తే దాని ధర చాలా తక్కువ. దాని అంచు మీద ఆ నంబర్ చెక్కిస్తారు. లేజర్ యంత్రం ఉన్నవాడెవడైనా ఏ నంబరైనా చెక్కగలడు. కొనేవాళ్లు నంబర్ కొట్టి చూస్తే అసలు వజ్రం వివరాలే వస్తాయి. అందుకే రాయి మీద నంబర్ చెక్కి ఉందంటే ఇది ఫలానా వజ్రమని ఎవరో చెప్పుకున్నట్టే లెక్క. ఆ చెప్పింది నిజమో కాదో విడిగా చూసుకోవాలి.

ఒక రాయిని పట్టి చూద్దాం

ఒక క్యారెట్ సైజు రాయి మీ ముందుందనుకుందాం. రిపోర్టు ఇలా ఉంది: గుండ్రటి బ్రిలియంట్ కటింగ్, కొలతలు 6.41 - 6.44 x 3.97 మిల్లీమీటర్లు, బరువు 1.01 క్యారెట్లు, రంగు జీ, స్వచ్ఛత వీఎస్2, ఫ్లోరొసెన్స్ మీడియం బ్లూ.

మొదటి పని వెబ్‌సైటు చూడడం. కాగితం మీది క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేయకండి. దొంగ కాగితం తయారు చేసినవాడు దొంగ సైటుకు దారి తీసే కోడ్ కూడా ముద్రించగలడు. ల్యాబ్ సైటు పేరు మీరే టైప్ చేయండి. జీఐఏకు `gia.edu`, ఐజీఐకి `igi.org`. అందులో రిపోర్టు నంబర్ కొట్టాక, గ్రేడులతో ఆగకుండా కొలతలు, బరువు, ఫ్లోరొసెన్స్ దాకా ప్రతి గడీ కాగితంతో సరిచూడండి. ఐజీఐ నంబర్ ముందు `LG` అని ఉంటే అది ల్యాబ్‌లో పెంచిన వజ్రం. సహజ వజ్రమని చెప్పి ఆ నంబర్ చూపిస్తే ఇక ముందుకు వెళ్లనక్కర్లేదు.

రెండో పని అంచు మీది అక్షరాలు చదవడం. వజ్రం పై భాగం, కింది భాగం కలిసే చోట చుట్టూ సన్నటి పట్టీలా ఉండే అంచును గర్డిల్ అంటారు. నంబర్ అక్కడే ఉంటుంది. మామూలు కంటికి కనపడదు. రాయిని ట్వీజర్‌తో అడ్డంగా పట్టుకుని, పది రెట్లు పెద్దది చేసి చూపే లూప్‌లో మెల్లగా తిప్పుతూ వెతకాలి. పది రెట్ల లూప్‌లో అక్షరాలు లీలగానే ఉంటాయి కాబట్టి, ఇరవై రెట్ల లూప్ గానీ మైక్రోస్కోపు గానీ అడగండి. పెద్ద షాపుల్లో తెరకు కలిపిన మైక్రోస్కోపు ఉంటుంది. ప్రతి అంకె మీరే చదవండి. పక్కన నిలబడి చదివి వినిపిస్తే ఒప్పుకోకండి. ఇంతకు ముందు చెప్పినట్టు, నంబర్ కలిసినంత మాత్రాన పని అయిపోలేదు. కలవకపోతే మాత్రం అక్కడితో అయిపోయినట్టే.

మూడో పని తూకం. వజ్రాల త్రాసు క్యారెట్‌లో వెయ్యో వంతు దాకా చూపిస్తుంది. ఇక్కడ చాలామందికి తెలియని నియమం ఒకటి ఉంది. జీఐఏ ల్యాబ్ బరువును రెండు దశాంశ స్థానాలకు కుదించేటప్పుడు, మూడో స్థానంలో 9 ఉంటేనే పై అంకెకు పెంచుతుంది. 1.008 తూగిన రాయికి 1.00 అనే రాస్తారు. 1.009 తూగితే 1.01 రాస్తారు. కాబట్టి రిపోర్టులో 1.01 అని ఉన్న రాయి త్రాసు మీద 1.009 నుంచి 1.018 మధ్య ఎక్కడైనా చూపించవచ్చు. 1.013 వస్తే సరిగ్గా ఉన్నట్టు. షాపు త్రాసులో ఒకటి రెండు వెయ్యో వంతుల తేడా ఉండొచ్చు. 1.03 వస్తే మాత్రం అది ఆ రాయి కాదు. 0.99 వస్తే, రిపోర్టు తర్వాత రాయికి దెబ్బ తగిలిందో, మళ్లీ పాలిష్ పట్టారో, లేక రాయే మారిందో చెప్పమని అడగాలి. మొదటి రెండు కారణాలు నిజమే అయినా పాత రిపోర్టు ఆ రాయికి ఇక వర్తించదు.

నాలుగో పని కొలత. వజ్రాల గేజ్‌తో రాయి వ్యాసాన్ని మూడు నాలుగు చోట్ల కొలవాలి. అతి తక్కువగా వచ్చిన కొలత 6.41కి, అతి ఎక్కువగా వచ్చినది 6.44కి, ఎత్తు 3.97కి దగ్గరగా ఉండాలి. చేతి గేజ్‌తో చూస్తే రెండు మూడు వందో వంతుల తేడా రావచ్చు. పదో వంతు తేడా వస్తే ఒప్పుకోనక్కర్లేదు.

బరువు, కొలత రెండూ కలిపి చూస్తే ఇంకో లాభం ఉంది. వజ్రం సాంద్రత 3.52. వజ్రంలా కనిపించే మొయిసనైట్ సాంద్రత 3.22. ఇవే కొలతలతో మొయిసనైట్‌ను సానబడితే 0.92 క్యారెట్ల దగ్గరే తూగుతుంది. క్యూబిక్ జిర్కోనియా అయితే క్యారెట్టున్నర దాటుతుంది. అంటే కొలత సరిపెడితే బరువు తప్పుతుంది, బరువు సరిపెడితే కొలత తప్పుతుంది. షాపుల్లో రాయికి ఆనించి కూత వినిపించే టెస్టర్ ఈ పని చేయలేదు. అది రాయి వేడిని ఎంత త్వరగా లాగేస్తుందో మాత్రమే చూస్తుంది. వేడిని కొలిచే టెస్టర్ మొయిసనైట్‌కూ కూస్తుంది, ల్యాబ్‌లో పెంచిన వజ్రానికీ కూస్తుంది.

అయిదో పనికి చిన్న అతినీల కాంతి టార్చి చాలు. 365 నానోమీటర్లదని అడిగితే ఇస్తారు. లైట్లు ఆర్పి, లేదా రాయిని చీకటిగా ఉన్న మూలకు తీసుకెళ్లి దాని మీద వెయ్యండి. మన రిపోర్టులో మీడియం బ్లూ అని ఉంది కాబట్టి రాయి నీలంగా మెరవాలి. ఏమీ మెరవకపోతే రాయి అది కాదు. జీఐఏ లెక్క ప్రకారం వజ్రాల్లో పాతిక నుంచి ముప్పై అయిదు శాతమే ఇలా మెరుస్తాయి. కాబట్టి మెరిసే రాయికి ఇది చాలా గట్టి గుర్తు. రిపోర్టులో 'నన్' అని ఉంటే మాత్రం ఈ పరీక్షతో తేలేది తక్కువ. ల్యాబ్‌లో పెంచిన రాళ్లలోనూ చాలావరకు ఈ కాంతిలో మెరవవు.

చివరిది లోపలి మచ్చలు. పూర్తి గ్రేడింగ్ రిపోర్టులో రాయిని పైనుంచీ కిందినుంచీ గీసిన రెండు చిత్రాలు ఉంటాయి. వాటిలో ఎర్ర గీతలు లోపలి గుర్తులు, ఆకుపచ్చవి పైపై గుర్తులు. మన రాయి చిత్రంలో బల్లపరుపుగా ఉన్న పై ముఖం కింద ఒక చిన్న స్ఫటికం, అంచు దగ్గర ఈక లాంటి ఒక చీలిక ఉన్నాయనుకుందాం. లూప్‌లో ముందు స్ఫటికం కోసం వెతకండి. అది కనిపించాక చిత్రంలో ఉన్నట్టే రాయిని తిప్పి పట్టుకుని, చీలిక ఉండాల్సిన దిక్కులో ఉందో లేదో చూడండి. ఒక మచ్చ యాదృచ్ఛికంగా కలవొచ్చు. రెండు మచ్చలు, వాటి మధ్య దూరం, దిక్కు అన్నీ కలిస్తే అది ఆ రాయే. నంబర్ చెక్కినంత తేలిగ్గా ఈ గుర్తును ఎవరూ సృష్టించలేరు. స్వచ్ఛత వీవీఎస్ గ్రేడులో ఉన్న రాళ్లలో మాత్రం మచ్చలు పట్టుకోవడం అలవాటైన కంటికే కష్టం. చిన్న రాళ్లకు ఇచ్చే జీఐఏ డోసియర్ అనే సంక్షిప్త రిపోర్టులో ఈ చిత్రమే ఉండదు. అలాంటప్పుడు బరువు, కొలతల మీదే ఎక్కువ ఆధారపడాలి.

షాపులో తేలనిది

ఇవన్నీ సరిపోయాక కూడా ఒక సందు మిగిలి ఉంటుంది. బాగా తెలిసినవాడు ల్యాబ్‌లో పెంచిన రాయిని అసలు దాని కొలతలకు చాలా దగ్గరగా సానబట్టించగలడు. రెండూ వజ్రాలే కాబట్టి సాంద్రతా తేడా రాదు. స్వచ్ఛత ఎక్కువ ఉన్న రాయి అయితే పోల్చడానికి మచ్చలూ దొరకవు. ఎంత అనుభవం ఉన్న వ్యాపారి అయినా ఈ తేడాను లూప్‌తో చెప్పలేడు.

ల్యాబ్ దీన్ని నైట్రోజన్ ఆధారంగా పట్టుకుంటుంది. భూమి లోపల కోట్ల ఏళ్లు ఉన్న సహజ వజ్రాల్లో చాలావాటిలో నైట్రోజన్ పరమాణువులు గుంపులుగా చేరి ఉంటాయి. యంత్రంలో వారాల్లో పెరిగిన రాయికి అంత కాలం దొరకదు. పరారుణ కాంతిని రాయి గుండా పంపితే ఆ గుంపులు ఉన్నాయో లేవో తెలుస్తుంది. నైట్రోజన్ లేని సహజ వజ్రాలు కొద్ది శాతమే ఉన్నా అవీ ఉన్నాయి కనుక, గుంపులు కనపడని రాయిని వెంటనే ల్యాబ్‌లో పెంచినదని తేల్చకుండా, అది పెరిగిన తీరు చూపే ఇతర పరీక్షలకు పంపుతారు. అందుకే పెద్ద మొత్తం పెట్టి కొంటున్నప్పుడు, అదే రిపోర్టు ఇచ్చిన ల్యాబ్‌కు రాయిని పంపి సరిచూపించే షరతు మీద కొనడం మంచిది. ఆ ఖర్చు రాయి ధరలో చాలా చిన్న భాగం.

బిగించాక కథ వేరు

పైన చెప్పిందంతా విడి రాయికే. ఉంగరంలో బిగించిన తర్వాత తూకం వేయలేం. ఎత్తు కొలవడం కష్టం. నంబర్ ఉన్న చోట రాయిని పట్టే గోరు పడితే అదీ కనపడదు. కాబట్టి సాలిటేర్ కొనేవాళ్లు బిగించకముందే రాయిని చూడాలి. చూశాక మీ ఎదుటే బిగించమనండి. కుదరకపోతే, తెచ్చుకునే రోజున అంచు మీది నంబర్ మళ్లీ చూపించమనండి. నంబర్ మీద గోరు పడకుండా బిగించమని ముందే చెబితే కంసాలి ఆ జాగ్రత్త తీసుకుంటాడు. అమెరికాలో ఉన్న పిల్లలు విడి వజ్రం కొని పంపితే ఇక్కడ ఉంగరం చేయించే కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాళ్లూ రాయిని అప్పగించేటప్పుడు తూకం వేయించి, మచ్చల ఫొటో తీసి, చీటీ మీద నంబర్ రాయించుకోవాలి. సైజు మార్పించడానికీ, పాలిష్‌కీ ఇచ్చినప్పుడు కూడా ఇదే పద్ధతి.

ఏడు రాళ్ల దుద్దుల సంగతి ఇంకో రకం. రెండు దుద్దుల్లో పద్నాలుగు రాళ్లు ఉంటే, చాలాసార్లు మొత్తం నగకు ఒకే కార్డు ఇస్తారు. అందులో మొత్తం బరువు, సుమారు రంగు, సుమారు స్వచ్ఛత ఉంటాయి. బిగించి ఉండగా చూడగలిగినంత మేరకే ఈ గ్రేడులని కూడా రాసి ఉంటుంది. అది నగకు ఇచ్చిన రిపోర్టు. ఒక రాయి మారినా ఆ కార్డును బట్టి పట్టుకోలేం. కార్డు మీది ఫొటో, రాళ్ల లెక్క, నగ మొత్తం బరువు సరిచూడడమే మనం చేయగలిగింది.

ఇంకో అపోహ కూడా తొలగాలి. నగ మీద ఉండే ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ హాల్‌మార్క్ నంబర్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, అది వజ్రానికీ హామీ అనుకునేవాళ్లున్నారు. హాల్‌మార్క్ బంగారం స్వచ్ఛతకు మాత్రమే. రాయి గురించి అది ఏమీ చెప్పదు.

జాతిరాళ్లకు చెక్కిన నంబర్ సాధారణంగా ఉండదు. కనక పుష్యరాగానికో, కెంపుకో రిపోర్టు ఇచ్చినప్పుడు ఫొటో, బరువు, మూడు వైపుల కొలతలే ఆధారం. ఆ రాళ్లను చేతితో సానబడతారు కాబట్టి కొలతలు ఒకదానికొకటి కలవవు. పొడవు, వెడల్పు, ఎత్తు, బరువు నాలుగూ సరిపోతే ఆ రాయేనని చాలావరకు నమ్మవచ్చు. అయితే దీన్నీ విడిగా ఉన్నప్పుడే చూడాలి.

బిల్లులో రాయించుకోండి

ఇంత చూసినా చివరకు మీ చేతిలో మిగిలేది బిల్లు. 'డైమండ్ రింగ్ ఒకటి' అని ఉన్న బిల్లుతో రేపు ఎవరినీ అడగలేం. ల్యాబ్ పేరు, రిపోర్టు నంబర్, రాయి బరువు, సహజ వజ్రమా ల్యాబ్‌లో పెంచినదా అన్న మాట, ఈ నాలుగూ బిల్లులో ఉండాలి. రిపోర్టు ఇచ్చిన ల్యాబ్‌లో పరీక్షిస్తే రాయి కలవకపోతే పూర్తి సొమ్ము వాపసు ఇస్తామన్న వాక్యం కూడా రాసి, సంతకం చేయమనండి. నిజాయితీగా అమ్మేవాళ్లకు ఆ వాక్యం రాయడానికి అడ్డేమీ ఉండదు. దాన్ని రాయడానికి ఇష్టపడని చోట, రిపోర్టు ఎంత గొప్ప ల్యాబ్‌దైనా ఆ రాయి కొనకండి.